“నెట్ రావట్లేదు” అంటూ వచ్చిన ఒక్క ఫోటో: రౌటర్ లైట్లను ఎలా చదవాలి?

ఒకావిడ ఫోటో పంపింది. కింద “నెట్ రావట్లేదండి” అని రాసి ఊరుకుంది. ఫోటోలో గోడకు బిగించిన చిన్న తెల్ల డబ్బా, దాని మీద అయిదు లైట్లు. పవర్ ఆకుపచ్చగా వెలుగుతోంది, పాన్ కూడా ఆకుపచ్చే. ఎల్ఓఎస్ ఆరిపోయి ఉంది. లాన్1, లాన్2 రెండూ ఆరిపోయి ఉన్నాయి. ఆవిడ ఫోటో మీద వేలితో ఎర్రగా సున్నా కూడా చుట్టి పంపింది, ఆరిపోయిన ఎల్ఓఎస్ చుట్టూ. తప్పు ఇదేనని ఆవిడ నమ్మకం. ఫోటో కుడి అంచున సగం తెగిపోయి ఇంకో నల్ల డబ్బా కనిపిస్తోంది. దాని మీద భూగోళం బొమ్మ, దాని దగ్గర నారింజ రంగు చుక్క.

ఇలాంటి ఫోటోలు చూసి సమాధానం చెప్పడం నాకు రోజూ ఉండే పనే. అయినా దీని దగ్గర తప్పటడుగు వేయబోయాను. ఎక్కడ వేయబోయానో చెప్పే ముందు ఆ లైట్లు ఏం చెబుతాయో, అంతకంటే ముఖ్యంగా ఫోటోలో ఏం చెప్పలేవో చూద్దాం. ఇక్కడ మాట్లాడుతున్నది ఇంటికి ఫైబర్ ద్వారా వచ్చే నెట్ గురించి. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే కనెక్షన్లలో పాన్ బదులు డీఎస్ఎల్ అన్న లైటు ఉంటుంది, ఆలోచించే దారి మాత్రం అదే.

ముందు, అది ఏ డబ్బా?

“రౌటర్ ఫోటో పంపండి” అంటే జనం కంటికి ఏ డబ్బా కనిపిస్తే దాన్ని పంపుతారు. చాలా ఇళ్ళలో రెండు డబ్బాలుంటాయి. ఒకటి ఫైబర్ వచ్చి చేరేది. సన్నటి తీగలో వచ్చే కాంతిని మామూలు నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చడం దాని పని. దీన్ని ఓఎన్‌టీ అంటారు, ఓఎన్‌యూ అని కూడా అంటారు. రెండోది వైఫై ఇచ్చే రౌటర్. కొన్ని ఇళ్ళలో ఈ రెండు పనులూ ఒకే డబ్బా చేస్తుంది.

ఏది ఏదో ఫోటోలో పోల్చుకోవడం కష్టం కాదు. పాన్, ఎల్ఓఎస్ అన్న అక్షరాలు ఉన్నది ఫైబర్ డబ్బా. భూగోళం బొమ్మ, వైఫై గీతలు మాత్రమే ఉంటే అది రౌటర్. వాట్సాప్‌లో కుదించుకుపోయి వచ్చిన ఫోటోలో ఆ బూడిద రంగు అక్షరాలు చదవడానికి వీల్లేకపోతే ఊహించకండి, దగ్గర నుంచి తీసిన ఇంకో ఫోటో అడగండి. లైట్ల వరస కంపెనీని బట్టి మారిపోతుంది. ఎడమ నుంచి మూడోది ఎల్ఓఎస్ అయి ఉంటుందిలే అనుకుని చెప్పిన సలహా వల్ల ఎదుటివాళ్ళ అరగంట వృథా అవుతుంది.

ఇంకో సంగతి. అక్షరాలు కనిపించడం లేదనగానే కొందరు డబ్బాను తిప్పి వెనక స్టిక్కర్ ఫోటో తీసి పంపుతారు. అందులో వైఫై పాస్‌వర్డ్, సీరియల్ నంబర్ ఉంటాయి. అందుకే నేను “ముందు వైపు మాత్రమే తీయండి” అని మొదటే చెప్పేస్తాను. మోడల్ నంబర్ కావాలంటే దాన్ని టైప్ చేసి పంపమంటాను.

లైట్లకు ఒక క్రమం ఉంది

లైట్లన్నీ ఒకేసారి చూస్తే ఏమీ అర్థం కాదు. వాటిని మెట్లలా చూడాలి. కింది మెట్టు సరిగా లేకపోతే పై మెట్టు గురించి ఆలోచించడం దండగ. మొదటి మెట్టు కరెంటు, అంటే పవర్ లైటు. రెండోది ఫైబర్‌లో కాంతి వస్తోందా లేదా అన్నది. అది ఎల్ఓఎస్ చెబుతుంది. మూడోది, ఆ కాంతి మీద అవతల ఉన్న నెట్ కంపెనీ యంత్రంతో మన డబ్బాకు మాట కలిసిందా అన్నది. అది పాన్ చెబుతుంది. నాలుగోది లాగిన్ అయి ఇంటర్నెట్ చిరునామా దొరికిందా అన్నది. దీన్ని ఇంటర్నెట్ అనే లైటో, భూగోళం బొమ్మో చెబుతుంది. చివరిది ఇంట్లో వరకు, అంటే లాన్, వైఫై.

చాలామంది బోల్తా పడేది ఎల్ఓఎస్ దగ్గర. ఆ మూడు అక్షరాలకు అర్థం “సిగ్నల్ పోయింది” అని. అంటే అది హెచ్చరిక లైటు. వెలగకుండా ఉంటేనే మంచిది. మిగతావన్నీ వెలిగితే మంచివి, ఇదొక్కటి ఆరితే మంచిది. ఫోటో పంపిన ఆవిడ ఆరిన ఎల్ఓఎస్ చుట్టూ సున్నా చుట్టడంలో వింతేమీ లేదు, ఆ తప్పు డబ్బా తయారుచేసినవాళ్ళది. కొన్ని మోడళ్ళలో అయితే పాన్, ఎల్ఓఎస్ రెండూ కలిపి ఒకే లైటుగా పెడతారు. బాగుంటే ఆకుపచ్చ, పోతే ఎరుపు. అది ఇంకాస్త నయం.

ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా అర్థం ఒకటే: డబ్బాకు చేరుతున్న కాంతి అది పసిగట్టగలిగినంత లేదు. ఇళ్ళకు వచ్చే జీపాన్ ఫైబర్‌లో ఎక్కువగా వాడే బీ ప్లస్ రకం పరికరాలకు ఆ హద్దు మైనస్ 27 డీబీఎం. మామూలు లెక్కలో అది ఒక మిల్లీవాట్‌లో 500వ వంతు. అంత కొద్దిపాటి కాంతితో కూడా అది పని చేస్తుంది. దానికంటే తగ్గితే మాత్రం ఎర్ర లైటు పడుతుంది. బీరువా జరిపినప్పుడు తీగ దాని వెనక నలిగి గట్టిగా వంగినా చాలు, వంపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. కాంతి 3 డీబీ తగ్గిందంటే సగం పోయినట్టే. అంతకుముందే హద్దుకు దగ్గరగా ఉన్న కనెక్షన్ అయితే ఆ సగం చాలు పడిపోవడానికి.

అందుకే ఎల్ఓఎస్ ఎర్రగా ఉన్న ఫోటో వస్తే నేను వైఫై గురించి ఒక్క మాట కూడా అడగను. “డబ్బా వెనక సన్నటి తీగ కూడా పడేలా ఒక ఫోటో తీయండి” అంటాను. మడత, పిన్ సగం ఊడి ఉండటం, ఎలుక కొరికిన గాటు, ఇవి కంటికి కనిపించేవే. అలాంటిదేమీ లేకపోతే తెగింది బయటెక్కడో అయి ఉండొచ్చు. ఎర్ర లైటు సిగ్నల్ పోయిందని చెబుతుంది గానీ ఎక్కడ పోయిందో చెప్పదు. అవతలి కంపెనీ యంత్రానికే కరెంటు పోయినా మన డబ్బాకు తేడా తెలియదు. అదే కంపెనీ నెట్ వాడుతున్న పక్కింట్లో కూడా ఇలాగే ఉందా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఫైబర్ పిన్ను పీకి దాని కొసలోకి చూడమని ఎవరికీ చెప్పకూడదు. అందులో వచ్చే కాంతి 1490 నానోమీటర్లది, కంటికి కనపడదు. ఆ పిన్నును చొక్కా అంచుతో తుడవమని చెప్పడమూ తప్పే. కొస మీద చిన్న దుమ్ము రేణువు పడినా కాంతి తగ్గిపోతుంది.

ఎల్ఓఎస్ ఆరిపోయి, పాన్ మిణుకుమంటూనే ఉంటే కథ వేరు. కాంతి వస్తోంది, కానీ అవతలి యంత్రం ఈ డబ్బాను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. డబ్బా మార్చిన తర్వాత కొత్త సీరియల్ నంబర్ కంపెనీ వాళ్ళు తమ దగ్గర ఎక్కించకపోతే ఇలాగే ఉంటుంది. ఇంట్లో ఎంత తిప్పలు పడ్డా ఇది తేలదు. కంపెనీకి ఫోన్ చేసి “ఎల్ఓఎస్ లేదు, పాన్ బ్లింక్ అవుతోంది” అని చెబితే, వాళ్ళు వినడానికి అంతకు మించిన మాట ఉండదు.

ఫోటో ఒక క్షణం మాత్రమే

ఇక్కడికి వచ్చేసరికి పెద్ద చిక్కు ఎదురవుతుంది. “మిణుకుమంటోంది” అన్నది ఫోటోలో ఉండదు. అరసెకను వెలిగి అరసెకను ఆరే లైటును ఫోటో తీస్తే, ఆ క్షణంలో వెలిగి ఉంటే వెలిగినట్టు, ఆరి ఉంటే ఆరినట్టు పడుతుంది. పైన చెప్పిన తేడాలన్నీ వెలగడం, మిణుకుమనడం, ఆరడం అనే మూడు స్థితుల మీద నడుస్తాయి. ఫోటో ఇచ్చేది రెండే.

అందుకని ఫోటోలో వెలిగిన లైటును ఒకలా, ఆరిన లైటును ఇంకోలా నమ్మాలి. ఎర్రగా వెలిగిన ఎల్ఓఎస్ కనిపిస్తే అది స్థిరంగా వెలుగుతున్నా, మిణుకుతున్నా సమస్య ఫైబర్ వైపే. ఒక్క ఫోటో చాలు. కానీ ఆరిపోయిన ఎల్ఓఎస్ కనిపిస్తే సిగ్నల్ బాగుందని తేల్చేయకూడదు. మిణుకులో ఆరిన సగంలో ఫోటో తీసి ఉండొచ్చు. ఆ పక్కనే పాన్ ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటే కాస్త ధైర్యం. కానీ ఆ పాన్ కూడా మిణుకులో వెలిగిన సగం కావచ్చు. లాన్ లైట్లయితే డేటా వచ్చిపోయే కొద్దీ చాలా వేగంగా మిణుకుతుంటాయి, వాటి విషయంలో ఒక్క ఫోటోను నమ్మడానికే లేదు.

గది చీకటిగా ఉంటే ఇంకో తమాషా జరుగుతుంది. ఫోన్ నైట్ మోడ్‌లోకి వెళ్ళి రెండు మూడు సెకన్ల పాటు చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. అప్పుడు మిణుకుతున్న లైటు ఆరినట్టూ కాకుండా, పూర్తిగా వెలిగినట్టూ కాకుండా మసకగా, స్థిరంగా ఉన్నట్టు పడుతుంది. ఆరిన లైటు కూడా ఒక్కోసారి మసకగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. డబ్బా లోపల లైట్ల మధ్య అడ్డం సరిగా లేక పక్క లైటు వెలుగు ఇటు ఊరడం దానికి కారణం. మసక లైటు కనిపించిన ఫోటో మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోను.

రంగు సంగతి కూడా చెప్పుకోవాలి. లైటు మరీ ప్రకాశంగా ఉంటే కెమెరా తట్టుకోలేక దాని నడిమి భాగాన్ని తెల్లగా చూపిస్తుంది. ఎరుపు నారింజలా, ఆకుపచ్చ దాదాపు తెలుపులా పడుతుంది. అలాంటప్పుడు మధ్య చుక్కను కాకుండా దాని చుట్టూ ప్లాస్టిక్ మీద పరుచుకున్న వెలుగు అంచును చూడాలి. అసలు రంగు అక్కడ మిగులుతుంది. అయినా అనుమానం ఉంటే “కంటికి ఏ రంగులో ఉంది?” అని అడిగేయడమే. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయి. వాళ్ళు మొహమాటపడి చెప్పరు కూడా. అందుకే నేను “ఎర్ర లైటు వస్తోందా?” అని అడగను, “ఎల్ఓఎస్ అన్న అక్షరాల దగ్గర లైటు వెలుగుతోందా?” అని అడుగుతాను.

వీటన్నిటికీ మందు ఒకటే: పది సెకన్ల వీడియో. గదిలో మామూలు వెలుతురు ఉంచి, ఫోన్ కదపకుండా, రెండు డబ్బాలూ పడేలా. వీడియో అడిగేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా కలపాలి: “డబ్బా ఆపి మళ్ళీ వేశారా? వేసి ఎంతసేపయింది?” నెట్ ఆగగానే ఎవరైనా చేసే మొదటి పని స్విచ్ ఆపి వేయడం. వేసిన వెంటనే టెన్షన్‌లో ఫోటో తీసి పంపుతారు. డబ్బా పూర్తిగా లేచి అవతలితో మాట కలపడానికి రెండు మూడు నిమిషాలు పట్టడం మామూలే. ఆలోపు తీసిన ఫోటోలో పాన్ ఆరి ఉంటుంది, భూగోళం నారింజగా ఉంటుంది, అంతా చెడిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి ఏమీ చెడలేదు. అయిదు నిమిషాలు ఆగి తీసిన ఫోటోకే విలువ.

మళ్ళీ ఆ నల్ల డబ్బా దగ్గరికి

ఇప్పుడు ఆవిడ ఫోటోకి వద్దాం. పవర్ బాగుంది. పాన్ ఆకుపచ్చ, ఎల్ఓఎస్ ఆరి ఉంది, కాబట్టి ఫైబర్ బాగానే ఉన్నట్టుంది. లాన్1 ఆరిపోయింది. తెల్ల డబ్బా నుంచి నల్ల రౌటర్‌కి వెళ్ళే కేబుల్ లాన్1లో ఉంటుంది. కాబట్టి కేబుల్ ఊడిందో, దాని క్లిప్పు విరిగిందో అనిపించింది. “కేబుల్ తీసి మళ్ళీ గట్టిగా పెట్టండి, కాకపోతే కొత్తది వేయండి” అని సగం టైప్ చేశాను కూడా.

ఆపింది ఆ అంచున ఉన్న నారింజ చుక్క. ఆ రౌటర్ మోడల్ నాకు తెలిసినదే. దానిలో బయటి నుంచి వచ్చే పోర్టులో కేబుల్ లేకపోతే భూగోళం అసలు వెలగదు. కేబుల్ తగిలి ఉండి ఇంటర్నెట్ మాత్రం లేకపోతే నారింజ. ఇంటర్నెట్ ఉంటే ఆకుపచ్చ. అంటే రౌటర్ వైపు చూస్తే కేబుల్ బాగానే ఉంది. ఒకే కేబుల్ ఈ కొసన ఊడితే ఆ కొసన ఉన్న డబ్బాకూ కేబుల్ లేనట్టే కదా. రెండు సాక్ష్యాలు కొట్టుకుంటున్నప్పుడు బలహీనమైనదాన్ని వదలాలి. ఆరిన లాన్ లైటు బలహీనమైనది, అది మిణుకులో ఆరిన క్షణం కావచ్చు. వెలిగిన నారింజ బలమైనది.

వీడియో అడిగాను. వచ్చింది. లాన్1 చకచకా మిణుకుతోంది. పాన్ స్థిరంగా ఉంది. ఎల్ఓఎస్ పది సెకన్లూ ఆరే ఉంది. భూగోళం నారింజ. ఇప్పుడు బొమ్మ స్పష్టమైంది: మొదటి మూడు మెట్లూ బాగున్నాయి, రెండు డబ్బాల మధ్య కేబుల్ బాగుంది, ఆగింది నాలుగో మెట్టు దగ్గర. రౌటర్‌కి లాగిన్ కావడం లేదు.

లాగిన్ కాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ప్లాన్ గడువు అయిపోవచ్చు, కంపెనీ లాగిన్ సర్వర్ పని చేయకపోవచ్చు, రౌటర్‌లోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పోయి ఉండవచ్చు. అన్నీ ఒక్కొక్కటే అడిగితే ఎదుటివాళ్ళకు విసుగు. వీటిని రెండుగా చీల్చే ప్రశ్న ఒకటుంది, అదే అడిగాను.

“మీ ఫోన్‌లో వైఫై పేర్ల జాబితా తెరవండి. మీ ఇంటి పాత పేరు కనిపిస్తోందా?”

“లేదండీ. దాని బదులు కంపెనీ పేరు, పక్కన ఏవో అంకెలు వస్తున్నాయి. పొద్దున్నుంచీ ఇంతే.”

“పొద్దున రౌటర్ వెనక చిన్న కన్నంలో ఎవరైనా పిన్ను పెట్టి నొక్కారా?”

కాసేపు ఏమీ రాలేదు. తర్వాత, “మా అబ్బాయి. నెట్ స్లోగా ఉందని రీస్టార్ట్ చేశానన్నాడు.”

అదీ సంగతి. ఆ కన్నం రీస్టార్ట్‌కి కాదు, రౌటర్‌ని ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి తీసుకెళ్ళడానికి. దాంతో వైఫై పేరుతో పాటు కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. వైఫై పేరు మారడం ఆ చెరిపివేతకు కంటికి కనిపించే గుర్తు. ఒకవేళ పాత పేరే కనిపించి ఉంటే సెట్టింగులు క్షేమం అని తేలేది, అప్పుడు ప్లాన్ గడువు గురించి అడిగేవాణ్ణి. కంపెనీ నుంచి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మెసేజ్‌లో తెప్పించుకుని, రౌటర్ సెట్టింగుల పేజీలో కనెక్షన్ రకం `PPPoE` అని మార్చి, అవి రెండూ ఎక్కించిన నిమిషానికి భూగోళం ఆకుపచ్చ అయింది.

ఫోటో చూసి తోచనప్పుడు చాలామంది ఇచ్చే సలహా కూడా ఆ పిన్నే: “రీసెట్ కొట్టి చూడండి”. ఫైబర్ డబ్బా మీద అలా చేస్తే ఇంకా కష్టం. దాన్ని మళ్ళీ సెట్ చేయడానికి కావాల్సిన వివరాలు చాలా సందర్భాల్లో ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండవు, కంపెనీ మనిషి రావాల్సిందే.

అన్నీ ఆకుపచ్చగా ఉంటే?

వీడియోలో ఎల్ఓఎస్ ఆరి, పాన్, ఇంటర్నెట్, వైఫై అన్నీ ఆకుపచ్చగా ఉండి, “నెట్ మాత్రం రావట్లేదు” అంటే లైట్లతో ఇక పని లేదు. ఇంటర్నెట్ లైటు ఆకుపచ్చగా ఉంటే చాలా మోడళ్ళలో దాని అర్థం రౌటర్‌కి చిరునామా దొరికిందనే, అటు నుంచి డేటా వచ్చిపోతోందని కాదు. అప్పుడు అడగాల్సింది, “ఒక్క ఫోన్‌లోనేనా, అన్నిట్లోనా?” అని. ఒక్క ఫోన్‌లోనే అయితే అది ఇంటి వైఫైకి కాకుండా ఇంకెక్కడికో తగులుకుని ఉండొచ్చు. అన్నిట్లోనూ అయితే, కంప్యూటర్ ఉన్నవాళ్ళ చేత ఈ రెండు కొట్టిస్తాను:

```
ping 8.8.8.8
ping google.com
```

మొదటిదానికి జవాబు వచ్చి, రెండోదానికి పేరు దొరకలేదని వస్తే దారి బాగుంది, పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దగ్గర ఆగింది. రెండింటికీ జవాబు రాకపోతే రౌటర్ దాటిన తర్వాత దారి మూసుకుపోయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ దారికి డబ్బా మీద లైటు లేదు.